ఇల్లు పూర్తయిన పిమ్మట పాలికకు వ్రాయవలసిన లేఖ

నిర్మాణ పూర్తి ధ్రువపత్రం కోరుతూ ఇంటి యజమాని వ్రాసే లేఖను చాలామంది మామూలు విన్నపంగా భావిస్తారు. చట్టం దృష్టిలో అది పని ముగిసిందని తెలిపే నోటీసు కూడా. బళ్ళారి వంటి నగరాలకు వర్తించే కర్ణాటక నగర పాలక సంస్థల చట్టం, 1976లోని 310వ సెక్షను ప్రకారం, పని ముగిసిన నెలలోగా ఈ నోటీసు కమిషనరు కార్యాలయానికి చేరాలి. పని పూర్తయినట్లు నిర్ణీత నమూనాలో సంతకం చేసిన ధ్రువీకరణను దానికి జతపరచాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు గల స్థలంలో రెండంతస్తుల ఇల్లు. మంజూరైన నక్షలో వెనుకవైపు 1.5 మీటర్ల ఖాళీ ఉండాలి. మెట్ల గోడ కొద్దిగా జరిగినందున ఒకచోట అది 1.4 మీటర్లే మిగిలింది. యజమాని లేఖ ఇలా ఉండవచ్చు:

మహానగర పాలిక కమిషనరు గారికి,

విషయం: నిర్మాణ పూర్తి ధ్రువపత్రం, నివాస అనుమతి కోరుట.

అయ్యా,

పై చిరునామాలోని నా స్థలంలో, తమరు 12-02-2024న మంజూరు చేసిన నిర్మాణ అనుమతి మేరకు, రెండంతస్తుల నివాస గృహ నిర్మాణం 20-11-2025న పూర్తయినది. మెట్ల వద్ద వెనుక ఖాళీ 1.5 మీటర్లకు బదులు 1.4 మీటర్లు ఉన్నది. తక్కిన నిర్మాణం నక్ష ప్రకారమే ఉన్నది. ఇంజనీరు ధ్రువీకరణ, మంజూరు నక్ష, అనుమతి పత్రం ప్రతులు జతపరచినాను. తనిఖీ జరిపించి ధ్రువపత్రం ఇప్పించ ప్రార్థన.

ఇట్లు,
యజమాని సంతకం, తేదీ

ఇందులో ముఖ్యమైన వాక్యం వ్యత్యాసాన్ని చెప్పినదే. తనిఖీకి వచ్చే అధికారి నక్షను చేతబట్టి ఖాళీలను, అంతస్తులను కొలిచి చూస్తారు. "అంతా నక్ష ప్రకారమే" అని వ్రాసి, కొలతలో తేడా వస్తే ఇంజనీరు ధ్రువీకరణపైనా సందేహం కలుగుతుంది. అయితే వ్యత్యాసాన్ని చెప్పినంత మాత్రాన అది ఆమోదం పొందదు. దానిని నిర్ణయించేవి భవన ఉపనియమాలు. అనుమతి లేని అంతస్తును ఏ లేఖా కాపాడలేదు. పూర్తయిన తేదీ లేఖలోను, ధ్రువీకరణలోను ఒకటే ఉండాలి.

లేఖ రెండు ప్రతులు తీసుకువెళ్ళి, ఒకదానిపై తేదీతో కూడిన స్వీకృతి ముద్ర వేయించుకోండి. నోటీసు అందిన 30 రోజులలో కమిషనరు నిరాకరణ తెలుపకపోతే ఇంటిలో నివసించుటకు 310వ సెక్షను అవకాశమిస్తుంది. ఆ గడువును లెక్కించడానికి మీ చేతనుండే ఆధారం ఆ ముద్రే.

అంతమాత్రాన ధ్రువపత్రం అక్కరలేదని తలచరాదు. పూర్తి లేదా నివాస ధ్రువపత్రం చూపిన తరువాతనే విద్యుత్తు, నీరు, మురుగునీటి కనెక్షన్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఆదేశించింది. కనుక 30 రోజులు గడిచినా పత్రం రాకుంటే, ముద్ర ఉన్న ప్రతిని జతచేసి వ్రాతపూర్వకంగా మరల అడగండి.