ఎంత బిగించినా ఆగని చుక్క

డాబా మీది ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపుకు ఇత్తడి గేట్ వాల్వు ఉంటుంది. ఆ వాల్వులోకి ప్లాస్టిక్ అడాప్టర్ మరతో ఎక్కే చోట, బిగించిన ఒకటి రెండేళ్లకే చాలా ఇళ్లలో తడి కనిపిస్తుంది. ధారేమీ కాదు, ఒక్కో చుక్కే. అయినా సెకనుకొక చుక్క చొప్పున పడితే రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు స్లాబు మీదికి చేరినట్టే. అది చూడగానే ఎవరైనా రెంచి తీసి ఇంకాస్త బిగిస్తారు. చుక్క మాత్రం ఆగదు.

ఎందుకు ఆగదంటే, నీటిని ఆపేది బిగింపు ఒక్కటే కాదు. బయటి మర, లోపలి మర ఎంత గట్టిగా పట్టుకున్నా వాటి పళ్ల కొసలకూ గాళ్లకూ మధ్య సన్నని ఖాళీ మిగిలిపోతుంది. మేడ చుట్టూ తిరిగే ఇనుప మెట్ల మాదిరిగా ఆ ఖాళీ మెలికలు తిరుగుతూ లోపలి నుంచి బయటిదాకా వస్తుంది. నీళ్లు పాకే దారి అదే. నీళ్ల పైపుల మరను కొస వైపు సన్నగా చేస్తారు. ప్రతి 16 మిల్లీమీటర్ల పొడవుకు ఒక మిల్లీమీటరు వ్యాసం తగ్గుతుంది. అందుకే లోపలికి వెళ్లేకొద్దీ బిగుస్తుంది. ఆ తర్వాత కూడా మిగిలే ఖాళీని టెఫ్లాన్ టేపు పూడుస్తుంది.

మరి మొదట ఆగిన నీళ్లు తర్వాత ఎందుకు కారతాయి? వేడికి ప్లాస్టిక్ ఇత్తడి కన్నా మూడు రెట్లకు పైగా సాగుతుంది. మధ్యాహ్నపు ఎండకు ఉబ్బి ఇత్తడి గోడకు నొక్కుకున్న మర, తెల్లవారుజామున చల్లబడి కుంచించుకుపోతుంది. పైగా ఒత్తిడిలో నెలల తరబడి ఉన్న ప్లాస్టిక్ మెల్లగా ఒదిగిపోయి మొదటి పట్టును కోల్పోతుంది. టేపు తక్కువ చుట్టి ఉంటే దారి మళ్లీ తెరుచుకుంటుంది.

బాగుచేసే ముందు లీకు ఎక్కడిదో తేల్చుకోవాలి. పైనున్న అతుకులోంచి జారిన నీళ్లు కూడా మర దగ్గరే చుక్కగా నిలుస్తాయి. జాయింటును పొడిగుడ్డతో తుడిచి, టిష్యూ కాగితం చుట్టి, ముందుగా తడిసే చోటు చూడాలి. మర అంచున తడిస్తే టేపు పని. ఫిట్టింగు ఒంటి మీద వెంట్రుకంత గీత వెంట తడిస్తే అది పగులు. అప్పుడు ఆ ముక్కను మార్చాల్సిందే.

వాల్వుకు ఇంటివైపున్న మర కారుతోందనుకుందాం. వాల్వు మూసి, కింది కుళాయి తెరిచి పైపును ఖాళీ చేయాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. అడాప్టర్ పైపుకు సొల్యూషన్‌తో అతికి ఉంటుంది కాబట్టి తిరగదు. వాల్వునే తిప్పితే ఒకవైపు మర బిగిసి, రెండోవైపుది వదులవుతుంది. దగ్గర్లో యూనియన్ ఉంటే దాన్ని విప్పి అడాప్టర్‌ను తీయవచ్చు. లేకపోతే పైపును కోసి, కొత్త అడాప్టర్‌తో పాటు ఒక యూనియన్ కూడా పెట్టించుకోవాలి. మరోసారి కోయాల్సిన పని ఉండదు.

పాత టేపు పోగులను వాల్వు లోపలి నుంచి పూర్తిగా గీకి తీసి, రెండు మరలనూ ఆరబెట్టాలి. అడాప్టర్ కొసను మనవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కులో టేపు చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడి పోగవుతుంది. మొదటి పంటిని వదిలేస్తే టేపు ముక్కలు లోపలికి పోయి షవరు రంధ్రాలకు అడ్డుపడవు. మామూలు పలుచని టేపును కాస్త లాగి పట్టి నాలుగైదు చుట్లు వేస్తే చాలు. మర మీద సొల్యూషన్ రాయకూడదు, అది ప్లాస్టిక్‌ను కరిగించి మళ్లీ విప్పడానికి వీల్లేకుండా చేస్తుంది.

ముందు చేత్తో బిగినంత తిప్పి, తర్వాత రెంచితో ఒకటి, ఒకటిన్నర చుట్టు చాలు. నిటారుగా నిలబెట్టడానికి వెనక్కి తిప్పితే టేపు పట్టు వదిలేస్తుంది, మళ్లీ కొత్తగా చుట్టాల్సిందే. ఇత్తడి లోపలి మరలోకి ప్లాస్టిక్ బయటి మర ఎక్కడం సరైన జోడీ. ప్లాస్టిక్ లోపలి మరలోకి ఇనుప నిప్పిల్‌ను బిగిస్తే అది గూటాంలా పనిచేసి ఫిట్టింగును చీల్చేస్తుంది. కుళాయిలు బిగించే చోట లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బోలు వాడేది అందుకే.

బయటినుంచి ఎపాక్సీ ముద్ద పూయడం చాలామంది చేసే పని. లోపల నీటి ఒత్తిడి ఉండగా తడి ప్లాస్టిక్‌కు అది సరిగా అంటుకోదు. కొన్నాళ్లకు అంచు నుంచి లేచిపోతుంది.

కొత్తగా అతికించిన చోట సొల్యూషన్ డబ్బా మీద రాసినంత సేపు ఆగాకే వాల్వును మెల్లగా తెరవాలి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మళ్లీ టిష్యూ చుట్టి చూడాలి. ఆ పరీక్ష ఒకసారి మధ్యాహ్నం, ఇంకోసారి తెల్లవారుజామున చేయాలి. ప్లాస్టిక్ బాగా కుంచించుకుని ఉండేది అప్పుడే కాబట్టి, ఆ వేళకు కాగితం పొడిగా ఉంటే పని కుదిరినట్టు.