రేకుల గదికి ఏ గాలి? మామూలు ఫ్యాన్, బీఎల్‌డీసీ ఫ్యాన్, కూలర్ల అసలు లెక్క

మాసబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు, పేరు మాత్రం మిగిలింది. చెరువు ఉన్న చోట చాచా నెహ్రూ పార్కు ఉంది. దాని చుట్టుపక్కల అహ్మద్ నగర్, ఫస్ట్ లాన్సర్, చింతల్ బస్తీ గల్లీల్లో నడిస్తే తలెత్తిన ప్రతిచోటా డాబా మీద ఒక రేకుల గది కనిపిస్తుంది. అమీర్‌పేట, పంజాగుట్ట వైపు కూడా అంతే. జిల్లాల నుంచి కోచింగ్ కోసం వచ్చిన పిల్లలకు, కూలీ పని చేసుకునే కుటుంబాలకు అందుబాటులో ఉండే అద్దె ఆ గదిదే. ఎండాకాలంలో నగరంలో అందరికంటే ఎక్కువ వేడి అనుభవించేది కూడా ఆ గదిలో ఉన్నవాళ్ళే.

ఒకప్పటిలా టైం పెట్టి కరెంటు తీసే కోతలు ఇప్పుడు లేవు. కానీ ఏప్రిల్, మే నెలల్లో ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పెరిగి ఫ్యూజు పోతుంది. గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడితే రాత్రంతా చీకటే. ఈ గదిలో ఉండేవాళ్ళు ఫ్యాన్ కొనడానికి వెళ్తే షాపువాళ్ళు చెప్పేది ఒకటే మాట: "బీఎల్‌డీసీ తీసుకోండి, బిల్లు సగం తగ్గుద్ది." గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇంటికి ఈ మాటతో పనిలేదు. సున్నాలో సగం సున్నాయే. ఆ ఫ్యాన్ వల్ల అలాంటి ఇంటికి లాభం ఉంది గానీ అది వేరే చోట ఉంది.

ముందుగా తేడా ఏమిటో చూద్దాం. మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. అందులో చాలా భాగం మోటారు వేడెక్కడానికే పోతుంది. కాసేపు తిరిగాక ఫ్యాన్ ఆపి మోటారు డొప్ప మీద చెయ్యి పెడితే ఆ సంగతి తెలిసిపోతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఏసీ కరెంటును డీసీగా మార్చి, చుట్టలకు వంతులవారీగా అందిస్తుంది. అందుకే దాదాపు అంతే గాలికి 28 నుంచి 35 వాట్లు సరిపోతాయి. స్పీడు సగానికి తగ్గిస్తే 10, 15 వాట్లకు దిగుతుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. 'ఎనర్జీ సేవర్' అని అట్టపెట్టె మీద రాసి 50 వాట్ల మామూలు మోటారు ఫ్యాన్ అంటగట్టేవాళ్ళు ఉన్నారు కాబట్టి పేరు కాదు, వాట్లు చదవాలి.

ఇప్పుడు కరెంటు పోయినప్పటి లెక్క. రెండు గదుల ఇల్లు, రెండు ఫ్యాన్లు, రెండు ఎల్‌ఈడీ బల్బులు అనుకుందాం. ఇన్వర్టర్‌కు 150 ఏహెచ్ బ్యాటరీ ఉంది. 12 వోల్టులను 150తో గుణిస్తే 1800 వాట్-అవర్లు వస్తాయి. కానీ బ్యాటరీని అడుగంటా వాడితే త్వరగా పాడవుతుంది, ఇన్వర్టర్ కూడా కొంత తినేస్తుంది. మన చేతికి వచ్చేది 1100 దాకా అనుకోవచ్చు. రెండు మామూలు ఫ్యాన్లు, రెండు బల్బులు కలిపి 168 వాట్లు. ఆరున్నర గంటలు నడుస్తాయి. అదే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే బల్బులతో కలిపి 78 వాట్లు. పద్నాలుగు గంటలు వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి పోయిన కరెంటు పొద్దున రాకపోయినా పిల్లలు నిద్రపోతారు.

ఇవి కొత్త బ్యాటరీ లెక్కలు. మూడు, నాలుగేళ్ళు వాడిన బ్యాటరీ సగం కూడా ఇవ్వకపోవచ్చు. మామూలు ఫ్యాన్లతో అప్పుడు మూడు గంటలే వస్తుంది, అర్ధరాత్రికి ఆగిపోతుంది. ఇంకా ఇన్వర్టర్ కొనని వాళ్ళు ఈ లెక్కను తిప్పి చూడండి. మామూలు ఫ్యాన్లకు 150 ఏహెచ్ ఎంతసేపు వస్తుందో, బీఎల్‌డీసీ ఫ్యాన్లకు 80 ఏహెచ్ కాస్త ఎక్కువసేపే వస్తుంది. చిన్న బ్యాటరీ కొనడంలో మిగిలే డబ్బు రెండు ఫ్యాన్ల మీద పెట్టే అదనపు ఖర్చుకు సరిపోతుంది. బీఎల్‌డీసీ అసలు లాభం ఇదీ. చవక ఇన్వర్టర్లు ఇచ్చే స్క్వేర్ వేవ్ కరెంటు మీద మామూలు ఫ్యాన్ 'గుర్ర్' మంటుంది, వేడెక్కుతుంది. బీఎల్‌డీసీకి ఆ బాధ కూడా లేదు.

దానికీ ఒక బలహీనత ఉంది. మామూలు ఫ్యాన్ నెమ్మదిస్తే చాలాసార్లు తప్పు కండెన్సర్‌ది. గల్లీ మెకానిక్ తక్కువ ఖర్చుతో మార్చేస్తాడు, మోటారు కాలితే చుట్టిస్తాడు. బీఎల్‌డీసీలో బోర్డు పోతే కంపెనీ బోర్డే కావాలి, కొన్ని వందలు అవుతుంది, కొన్నిసార్లు దొరకదు కూడా. ఆ బోర్డులు ఎక్కువగా పోయేది కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో వోల్టేజీ ఎగసినప్పుడు. అందుకే కరెంటు పోగానే స్విచ్ ఆపి, వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి వేయడం మంచిది. గోడ మీది పాత రెగ్యులేటర్ గుండా కూడా దీన్ని నడపకూడదు. రెగ్యులేటర్ తీయించి వైరు నేరుగా కలిపించాలి. బిగించేవాళ్ళు తరచుగా వదిలేసే పని ఇది. వారంటీ ఎన్నేళ్ళో బిల్లు మీద రాయించుకోండి.

ఇక గృహజ్యోతి. తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. దాటితే దాటిన యూనిట్లకు కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. అక్కడే కూలర్ లెక్కలోకి వస్తుంది. చిన్న ఫ్రిజ్‌కు నెలకు 30 యూనిట్లు, టీవీకి 12, లైట్లకు 10, మిక్సీ, ఇస్త్రీపెట్టె, సెల్ ఛార్జింగులకు 12 వేసుకుందాం. రెండు మామూలు ఫ్యాన్లు రోజుకు 18 గంటలు తిరిగితే 81 యూనిట్లు. మొత్తం 145. దీనికి 180 వాట్ల కూలర్ రోజుకు పది గంటలు కలిపితే 54 యూనిట్లు పెరిగి 199 అవుతుంది. ఇన్వర్టర్ ఛార్జింగుకు పది యూనిట్లు పోయాయంటే 209. అప్పుడు మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5 రూపాయల 10 పైసల స్లాబు పడుతుంది. ఛార్జీలన్నీ కలిపి వెయ్యికి పైగా కట్టాలి. అదే ఇంట్లో రెండు ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీలైతే 81 కాస్తా 32 అవుతుంది. కూలర్ నడిపినా 160 దాటదు. జీరో బిల్లు ఇంటికి బీఎల్‌డీసీ బిల్లు మిగిల్చేది ఈ ఒక్క సందర్భంలోనే, అది ఎండాకాలంలోనే వస్తుంది.

కూలర్ నిజంగా చల్లబరుస్తుందా? మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది. 41 డిగ్రీల ఎండ, గాలిలో తేమ పాతిక శాతం ఉన్నప్పుడు మంచి కూలర్ నుంచి వచ్చే గాలి దాదాపు 30 డిగ్రీలు ఉంటుంది. ఏ ఫ్యాన్ ఇవ్వలేనిది ఇది. జులైలో 32 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నప్పుడు అదే కూలర్ మూడు డిగ్రీలకు మించి తగ్గించదు, పైగా ఒళ్ళంతా జిగటగా అవుతుంది. అనుమానముంటే రెండు థర్మామీటర్లు తీసుకుని, ఒకదాని మొనకు తడిగుడ్డ చుట్టి, రెండింటినీ గాలి తగిలే చోట పెట్టండి. రెండింటి మధ్య తేడా పది డిగ్రీలకు పైనే ఉంటే కూలర్ పనికొస్తుంది. నాలుగైదే ఉంటే ఫ్యాన్ చాలు.

అయితే కూలర్‌కు బయటి పొడిగాలి కావాలి, లోపలి తడిగాలి పోవడానికి ఎదురుగా తెరిచిన కిటికీ కావాలి. ఒకే తలుపున్న గదిలో మధ్యన పెడితే అది తన తడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. గంటలో గది ఉడికిపోతుంది. నీళ్ళ మాట కూడా ఉంది. పొడి ఎండలో పెద్ద కూలర్ గంటకు నాలుగైదు లీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తాగుతుంది. పది గంటలకు రెండు మూడు బిందెలు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే బస్తీలో, మూడో అంతస్తు దాకా ఆ బిందెలు మోసేది ఎవరో మనందరికీ తెలుసు. కూలర్ ధర చెప్పేటప్పుడు ఆ మోత ఎవరూ లెక్కెయ్యరు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిపితే పై బ్యాటరీ ఆరు గంటలకే అయిపోతుంది, అదీ ఒక్క గదికే.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో చవకగా దొరికే ఇనుప డబ్బా కూలర్ల గురించి ఒక హెచ్చరిక. నీళ్ళు, ఇనుము, ఎర్తింగ్ లేని ప్లగ్గు కలిస్తే ప్రాణం పోతుంది. ఏటా ఎండాకాలంలో అలాంటి చావులు వార్తల్లో చూస్తూనే ఉన్నాం. ప్లగ్గు పీకాకే నీళ్ళు పోయాలి. మూడో పిన్ను నిజంగా ఎర్త్‌కు కలిసిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. కుదరకపోతే ప్లాస్టిక్ బాడీదే కొనాలి, దానికైనా ప్లగ్గు పీకే నీళ్ళు పోయాలి.

ఫ్యాన్ ఏ రకమైనా గాలిని చల్లబరచదని కూడా గుర్తుంచుకోవాలి. అది మన చెమటను ఆర్పుతుంది, అంతే. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అప్పుడు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవాలి, లేదా గది వదిలి నీడకు పోవాలి. ముసలివాళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం. రేకుల గదిలో మధ్యాహ్నం వేడి దిగేది పైకప్పు నుంచి. ఫ్యాన్ ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది.

అందుకే ఏది కొన్నా ముందు రేకు సంగతి చూడాలి. 2017లో బంజారాహిల్స్ వైపున్న దేవరకొండ బస్తీలో 25 ఇళ్ళ కప్పుల మీద తెల్లటి కూల్ రూఫ్ పొర పరిచి చూశారు. ట్రిపుల్ ఐటీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, జీహెచ్ఎంసీ అందులో ఉన్నాయి. ఆ ఇళ్ళలో సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలే కదా అనిపించవచ్చు. కానీ దానికి కరెంటు అక్కర్లేదు, కోతలో కూడా పనిచేస్తుంది. తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు వేస్తే దాదాపు అదే పని జరుగుతుంది. దుమ్ము పట్టి తెలుపు తగ్గితే ఫలితమూ తగ్గుతుంది కాబట్టి ఎండాకాలం మొదట్లో ఒకసారి కడగాలి. అద్దె ఇంట్లో ఓనరును ఒప్పించడం వేరే కష్టం.

2023లో తెలంగాణ ప్రభుత్వం 2028 దాకా కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. అందులో ప్రభుత్వ భవనాలకు, 600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్ళకు కూల్ రూఫ్ తప్పనిసరి. చిన్న ఇళ్ళకు మాత్రం ఇష్టమైతే వేసుకోవచ్చు. ఏసీ ఉన్న ఇంటికి నిబంధన పెట్టి, రేకుల ఇంటిని దాని ఇష్టానికి వదిలేశారన్నమాట. ఆ విధానంలో 'ప్రభుత్వ భవనాలు' అన్న మాటను మనం పట్టుకోవచ్చు. ఎస్సీ హాస్టళ్ళను చూసే శాఖ కార్యాలయం ఇదే మాసబ్ ట్యాంక్‌లోని దామోదరం సంజీవయ్య సంక్షేమ భవన్‌లో ఉంది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే నాలుగు ప్రశ్నలు చాలు. ఏ హాస్టల్‌లో ఎన్ని ఫ్యాన్లు ఉన్నాయి, ఒక్కొక్కటి ఎన్ని వాట్లు? కరెంటు పోతే బ్యాకప్ ఎన్ని గంటలు? సొంత భవనాల్లో ఎన్నింటికి కూల్ రూఫ్ వేశారు? కొత్త ఫ్యాన్ల టెండరులో వాట్ల పరిమితి రాశారా?