మూడో రాత్రి చీమలు

ఇది వైద్య విద్యార్థులకు పాఠంగా చెప్పడానికి అల్లిన కథ. ఇలాంటి రాత్రి మాత్రం ఏ పెద్దాసుపత్రి ఎముకల వార్డులోనైనా ఎదురయ్యేదే.

ఫైనలియర్ చదువుతున్న సింధుకు అది తొలి నైట్ డ్యూటీ. బుధవారం తెల్లవారుజామున రెండు గంటలకు పన్నెండో నంబరు మంచం దగ్గర గోల మొదలైంది. బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న నలభై అయిదేళ్ల వీరయ్య సెలైన్ సూది పీకేసుకుని, దుప్పటి మీద లేని చీమల్ని దులుపుకుంటున్నాడు. "గాలి సోకిందమ్మా" అని భార్య ఏడుస్తోంది. వార్డుబాయ్ కట్టేద్దామంటున్నాడు.

సింధు తలుపుకు దగ్గరగా, అతని చేతికి అందనంత దూరంలో నిలబడింది. సెలైన్ స్టాండు పక్కకు తీయించి, మూగిన జనాన్ని పంపించేసి, పీజీ డాక్టరుకు ఫోన్ చేసింది. కట్టేస్తే రోగి ఇంకా పెనుగులాడతాడు, ఒళ్లు మరింత వేడెక్కుతుంది. వేరే దారి లేనప్పుడు, కనిపెట్టుకుని ఉంటూ, కాసేపే ఆ పని చేయాలి.

"వారాల పేర్లు వెనక నుంచి చెప్పండి బాబాయ్" అంది. శనివారం, శుక్రవారం అని ఆగిపోయి మళ్లీ చీమల్లో పడ్డాడు. సాయంత్రం బాగానే మాట్లాడిన మనిషి రాత్రికి ధ్యాస నిలపలేకపోతే, దాన్ని మానసిక జబ్బని తేల్చేయకూడదు. ఒంట్లో ఏదో చెడింది, వెతకాలి. నాడి 128, బీపీ 170/100. చేతులు వణుకుతున్నాయి, చొక్కా చెమటతో తడిసింది. షుగరు, ఆక్సిజన్ బాగానే ఉన్నాయి.

కేసు షీటులో 'మద్యం అలవాటు లేదు' అని ఉంది. తాగుతారా అని బంధువుల ముందు అడిగితే ఏ ఇల్లాలు అవునంటుంది? పీజీ ఆమెను వరండాలోకి తీసుకెళ్లి అడిగాడు: "చివరిసారి ఎప్పుడు తాగాడమ్మా?"

"ఆదివారం సాయంత్రం సార్, పడకముందు. రోజూ పొద్దున్నే కాస్త పడకపోతే చేతులు వణుకుతాయి."

రోజూ తాగే మనిషికి మందు ఒక్కసారిగా ఆగితే, సాధారణంగా రెండు మూడు రోజులకు ఈ స్థితి వస్తుంది. దీన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటారు. పట్టించుకోకపోతే ప్రాణం తీస్తుంది. నర్సు తెచ్చిన హాలోపెరిడాల్‌ను పీజీ వద్దన్నాడు. అదొక్కటే ఇస్తే మూర్ఛ ముప్పు పెరగొచ్చు. సూది ఊడిపోయింది గనుక లొరాజెపామ్ 2 మిల్లీగ్రాములు కండకే ఇచ్చారు. కాస్త కుదుటపడ్డాక కొత్త సూది పెట్టి, గ్లూకోజుకన్నా ముందు థయమిన్ ఎక్కించారు. తాగేవాళ్లలో తరచూ తక్కువగా ఉండే ఈ విటమిన్ అందకపోతే మెదడు దెబ్బతింటుంది.

మరో డోసు పడ్డాక నిద్రపోయాడు. శ్వాస లెక్కపెట్టే పని సింధుది. బండి మీంచి పడ్డవాడు కదా, తలలో రక్తస్రావం లేదని తేలాలి. కారణం దొరికిందన్న ధీమాలో చాలామంది జారేది ఇక్కడే. కంటిపాపలు చూసి, తెల్లారకముందే సీటీకి పంపారు. స్కాన్‌లో ఏమీ లేదు.

పొద్దున ఇది ఏ వారమని అడిగితే ఆదివారమన్నాడు. తేరుకోవడానికి ఇంకొన్ని రోజులు పడుతుందని పీజీ అతని భార్యకు చెప్పాడు.