బయాప్సీ నివేదికలో ‘గ్రేడ్’ అంటే దశ కాదు

నాగిరెడ్డిపేట ప్రాంత వ్యవహారంలో ‘గడ్డ’ అనే మాట హానిలేని కణితికీ, క్యాన్సరుకూ సమానంగా వర్తిస్తుంది. వాటి భేదం పరిమాణంలో లేదు. హానిలేని కణితి తన హద్దులోనే పెరుగుతుంది. క్యాన్సరు కణాలు హద్దు దాటి చుట్టూ ఉన్న కణజాలంలోకి చొచ్చుకుపోతాయి, దూరపు అవయవాలకూ వ్యాపించగలవు.

రొమ్ము గడ్డ నివేదికలో ‘ఫైబ్రోఅడినోమా’ అని ఉంటే అది హానిలేనిది. ‘ఇన్వేసివ్ కార్సినోమా, గ్రేడ్ 2, స్కోరు 3+2+1=6’ అని ఉంటే క్యాన్సరే. నాళికల నిర్మాణం, కేంద్రకాల వైరూప్యం, కణవిభజనల సంఖ్య అనే మూడు లక్షణాలకు 1 నుండి 3 వరకు వేసిన అంకెల మొత్తమే ఆ స్కోరు. మొత్తం 6 లేదా 7 అయితే గ్రేడ్ 2.

దీనిని ‘రెండవ దశ’గా అనువదించడం పొరపాటు. గ్రేడ్ కణాల తీరును, దశ వ్యాధి వ్యాప్తిని తెలుపుతాయి. దశ నిర్ణయానికి కణితి పరిమాణం, చంకలోని శోషరస గ్రంథుల స్థితి, ఇతర అవయవాలకు వ్యాప్తి కూడా తెలియాలి. సూదితో తీసిన చిన్న ముక్క ఒక్కటే వీటిని చెప్పలేదు.