ఖాళీ గడి సున్నా కాదు

కరెంటు బిల్లు తీసే మనిషి వచ్చిన రోజు ఇంటికి తాళం వేసి ఉంటే ఏమవుతుందో మనకు తెలుసు. బిల్లు మీద 'డోర్ లాక్' అని పడుతుంది, పాత వాడకాన్ని బట్టి ఒక సగటు వేస్తారు. లోపల మీటరు మాత్రం ఆగదు. వచ్చే నెల తలుపు తీసి చూస్తే రెండు నెలల యూనిట్లూ కలిసే కనిపిస్తాయి. ఏ నెలలో ఎంత కాలిందో మాత్రం తెలియదు.

వాన లెక్కలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. మండల కేంద్రాల్లో, బడి ఆవరణల్లో, పొలాల పక్కన కంచె వేసి నిలబెట్టిన ఆటోమేటిక్ వెదర్ స్టేషన్లు చూసే ఉంటారు. ఒక స్తంభం, సోలార్ ప్యానెల్, తెల్లటి పెట్టె, పక్కన గరాటు మూతి ఉన్న డబ్బా. గంటకోసారి అక్కడి నుంచి వాన లెక్క దూరాన ఉన్న సర్వర్‌కు చేరాలి. ఆ నిమిషానికి స్టేషన్ అందుబాటులో లేకపోతే పట్టికలో ఒక గడి ఖాళీగా మిగిలిపోతుంది. ఆ గడిని ఏం చేస్తున్నాం అన్నదాని మీద వరద హెచ్చరికా, పంట బీమా రెండూ ఆధారపడి ఉంటాయి.

ఆ గరాటు డబ్బా మూత తీసి చూస్తే లోపల పిల్లల ఉయ్యాల బల్లలా ఒక చిన్న తొట్టి ఉంటుంది. రెండు పక్కలా రెండు గుంటలు. వాన నీరు ఒక గుంటలో నిండగానే బరువుకు అటు ఒరిగి నీళ్లు ఒలికిపోతాయి, రెండో గుంట గరాటు కిందికి వస్తుంది. గరాటు మూతి 20 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, ఒక్కో ఒరుగు అర మిల్లీమీటరు వానకు సమానం అనుకుంటే, ఒక్కో గుంటలో పట్టేది దాదాపు 16 మిల్లీలీటర్లు. అంటే మూడు టీ చెంచాల నీళ్లు. ఒరిగిన ప్రతిసారీ ఒక అయస్కాంతం స్విచ్చును తాకకుండానే మూసి తెరుస్తుంది. పెట్టెలోని డేటా లాగర్ ఆ టక్కు టక్కులను లెక్కపెట్టి సమయంతో సహా రాసుకుంటుంది. ఇక్కడితో కొలత పని అయిపోయింది.

పంపడం వేరే పని. దానికి మోడెమ్, సిమ్, సెల్ టవర్, టవర్‌కు కరెంటు, ఇన్నీ కావాలి. లాగర్‌కు చాలా తక్కువ కరెంటు సరిపోతుంది, మోడెమ్ మాట్లాడేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. నాలుగైదు రోజులు మబ్బు పట్టి సోలార్ ప్యానెల్ బ్యాటరీని నింపలేకపోతే ముందు మూగబోయేది మోడెమే. లాగర్ మాత్రం లెక్క రాసుకుంటూనే ఉంటుంది. అందుకే స్టేషన్ ఆఫ్‌లైన్‌లో ఉందంటే కొలవడం ఆగిందని అర్థం కాదు. ఎక్కువసార్లు ఆగేది మాటే.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. మబ్బులు కమ్మినప్పుడు బ్యాటరీ తగ్గుతుంది. గాలివానకు కరెంటు పోయి టవర్ పడుకుంటుంది. అంటే ఖాళీలు ఏడాది పొడవునా సమానంగా రావు, సరిగ్గా పెద్ద వాన పడే రాత్రే వస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీదికి వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేకపోవడం ఆ ఊరివాళ్లు మరిచిపోరు. అలాంటి రోజుల లెక్కలు వదిలేసి మిగతా రోజుల సగటు తీస్తే మన దగ్గర పడే వాన అసలు కంటే తక్కువగా తేలుతుంది. తప్పు ఎప్పుడూ ఒకే వైపుకు ఒరుగుతుంది.

ఒక రాత్రి లెక్క వేసి చూద్దాం. అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవి, తీరు మాత్రం నిజమైనదే. మన దేశంలో వాన రోజు ఉదయం 8:30కు మొదలై మరునాడు 8:30కు ముగుస్తుంది. ఆ లెక్కన ఒక స్టేషన్‌లో రాత్రి 1 గంటకు మొత్తం 12 మిల్లీమీటర్లు, 2 గంటలకు 31.5. ఆ తరవాత 3, 4, 5, 6 గంటల రీడింగులు రాలేదు. 7 గంటలకు స్టేషన్ తిరిగి పలికింది. మొత్తం 128 అంది. 8:30కు 131తో రోజు ముగిసింది.

ఖాళీ గడుల్లో సాఫ్ట్‌వేర్ సున్నాలు వేసిందనుకోండి. అప్పుడు నాలుగు గంటలు చినుకు లేదని, 7 గంటలకు ముందు ఒక్క గంటలోనే 96.5 మిల్లీమీటర్లు కుమ్మరించిందని కనిపిస్తుంది. గంటకు 100 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని క్లౌడ్ బరస్ట్ అంటుంది. లేని క్లౌడ్ బరస్ట్‌కు అంగుళం దూరంలోకి వచ్చేశామన్నమాట. ఆ అంకె మరీ పెద్దదిగా ఉందని తనిఖీ చేసే ప్రోగ్రాం దాన్ని కూడా కొట్టేస్తే పరిస్థితి ఇంకా అన్యాయం. రోజు మొత్తం 34.5కు పడిపోతుంది. నిజానికి 115.6 దాటిన ఆ వాన 'అతి భారీ' తరగతిది. పట్టికలో 'ఓ మోస్తరు' వానగా మిగులుతుంది.

సగటు వేస్తే? 96.5ను ఐదు గంటలకు పంచితే గంటకు 19.3. రోజు మొత్తం సరిపోతుంది. కానీ లాగర్ రాసుకున్న అసలు లెక్క వేరు.

```
obs_time  recv_time  rain_mm
02:00     02:03      19.5
03:00     07:12      22.0
04:00     07:12      47.5
05:00     07:12      19.5
06:00     07:12       6.0
07:00     07:12       1.5
```

3 నుంచి 4 లోపల 47.5 మిల్లీమీటర్లు పడింది. వాగు పొంగి కల్వర్టు మీదుగా నీళ్లు పోయాయంటే ఆ గంట వల్లే. సగటు వేసినవాళ్లకు ఆ గంట కనిపించదు. చెరువు ఎంత నిండిందో చెప్పడానికి సగటు పనికొస్తుంది, వాగు ఎప్పుడు పొంగిందో చెప్పడానికి పనికిరాదు.

పై పట్టికలో రెండు సమయాలు ఉన్నాయి, గమనించారా? మొదటిది కొలిచిన సమయం, రెండోది సర్వర్‌కు చేరిన సమయం. ఈ రెండూ విడివిడిగా దాచుకున్న చోట, ఆలస్యంగా వచ్చిన రీడింగు తన గంటలోకి తాను వెళ్లి కూర్చుంటుంది. చేరిన సమయమే దాచుకునే చోట ఐదు గంటల వానా 7:12 నెత్తిన పడుతుంది.

మరి లాగర్ దగ్గర లెక్క భద్రంగా ఉన్నా చాలాచోట్ల ఖాళీలు ఎందుకు శాశ్వతంగా మిగిలిపోతాయి? సర్వర్ అడిగే ప్రశ్నలోనే లోపం ఉంది కాబట్టి. గంట కొట్టగానే సర్వర్ "ఇప్పుడు ఎంత?" అని అడుగుతుంది. జవాబు రాకపోతే ఒకటి రెండుసార్లు మళ్లీ అడిగి ఊరుకుంటుంది. మరుసటి గంటకు మళ్లీ "ఇప్పుడు ఎంత?" అనే అడుగుతుంది. మధ్యలోవి ఎవరూ అడగరు, లాగర్ తనంతట తాను చెప్పదు. "నా దగ్గర ఆఖరుగా ఉన్నది రాత్రి 2 గంటలది, ఆ తరవాతవన్నీ ఇవ్వు" అని అడిగితే సరిపోయేది. ఒక్క ప్రశ్న మారిస్తే నిండిపోయే ఖాళీలివి. అలా అడిగినప్పుడు కూడా త్వరగా అడగాలి. లాగర్ మెమరీ నిండాక పాత లెక్కల మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది.

ఉపగ్రహం ద్వారా పంపే స్టేషన్లలో అడిగే వీలు కూడా ఉండదు. ఇన్‌శాట్ ద్వారా పలికే స్టేషన్లు ఒకవైపే మాట్లాడతాయి, అందిందని తిరిగి చెప్పేవాళ్లుండరు. అక్కడ చేయగలిగిందల్లా కొత్త రీడింగుతో పాటు అంతకు ముందు గంటలవి కూడా కలిపి పంపడం. ఒక సందేశం పోయినా తరవాతిది దాన్ని మోసుకొస్తుంది.

నిజంగా పోయిన లెక్కలూ ఉంటాయి. బ్యాటరీ పూర్తిగా చచ్చి లాగర్ కూడా పడుకుంటే ఆ గంటల్లో తొట్టి ఎన్నిసార్లు ఒరిగినా రాసుకునేవాళ్లు లేరు. దీన్ని పోల్చుకోవడం కష్టం కాదు. 2 గంటలకు 31.5 చెప్పిన స్టేషన్ 7 గంటలకు 1.5 అంటే, కూడుతూ పోవాల్సిన అంకె తగ్గిందంటే, మధ్యలో లెక్క మొదటికి వచ్చిందన్నమాట. ఉదయం 8:30 దాటినప్పుడు అంకె మామూలుగానే సున్నాకు వస్తుంది కాబట్టి, ఖాళీ ఆ సమయం మీదుగా సాగితే ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

కారణం పట్టుకోవడానికి నేను ముందు చూసేది బ్యాటరీ వోల్టేజీ. రీడింగుతో పాటు అది కూడా వస్తుంది. ఖాళీకి ముందు నాలుగు రోజులుగా మెల్లమెల్లగా దిగుతూ వస్తే తప్పు బ్యాటరీదో, దుమ్ము పట్టిన ప్యానెల్‌దో. వోల్టేజీ బాగుండి, చుట్టుపక్కల స్టేషన్లు కూడా అదే నిమిషంలో మూగబోతే టవర్‌ది. పక్కవన్నీ పలుకుతూ ఇదొక్కటే పలక్కపోతే మోడెమో సిమ్మో చూసుకోవాలి.

పోయిన లెక్కను పక్క స్టేషన్లతో నింపడం పాత పద్ధతే. ముసురు పట్టిన వానకు అది బాగానే పనిచేస్తుంది. ఎండాకాలం సాయంత్రం ఉరుము వానకు పనిచేయదు, ఊరికి ఈ చివర కురిసి ఆ చివర కురవని వాన అది. నింపిన అంకె పక్కన 'అంచనా' అన్న గుర్తు ఉండి తీరాలి. గుర్తు లేని అంచనా రెండేళ్ల తరవాత కొలతగా చలామణి అవుతుంది.

ఇది రైతు జేబుకు తగిలే సంగతి. వాతావరణ ఆధారిత పంట బీమాలో పొలానికి వచ్చి ఎవరూ నష్టం చూడరు, స్టేషన్ లెక్కే తీర్పు. వరుసగా ఇన్ని రోజులు వాన లేకపోతే పరిహారం అని షరతు ఉంటే, ఖాళీని సున్నా చేయడం లేని బెట్టను చూపిస్తుంది. వాన ఎక్కువై నష్టపోయిన చోట అదే సున్నా రావాల్సిన డబ్బును ఎగ్గొడుతుంది. అందుకే ఆ పథకంలో ప్రతి స్టేషన్‌కు బదులుగా చూడాల్సిన మరో స్టేషన్‌ను ముందే పేర్కొంటారు. కానీ అసలు స్టేషన్ మూగబోయిందని పట్టికలో తెలిస్తేనే కదా రెండోదాన్ని చూసేది! సున్నా వేసి ఉంటే ఎవరికీ అనుమానమే రాదు.

రైతులకు ఒక మాట. మీ పంటకు ఏ స్టేషన్ లెక్క తీసుకుంటారో, అది పలక్కపోతే దేన్ని తీసుకుంటారో బీమా కట్టేటప్పుడే అడిగి రాసుకోండి. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న ఒక డబ్బాను చెట్టుకు, గోడకు దూరంగా ఆరుబయట పెట్టి, రోజూ ఉదయం 8:30కు స్కేలుతో లోతు కొలిచి తేదీతో నోటుబుక్కులో ఎక్కించండి. డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్ల లోతు నీరుంటే అన్ని మిల్లీమీటర్ల వాన. పరిహారానికి ఆ పుస్తకం సాక్ష్యంగా చెల్లదు. కానీ మీ డబ్బాలో 60 మిల్లీమీటర్లు నిలిచిన రోజు పట్టికలో సున్నా కనిపిస్తే, ఆ రోజు స్టేషన్ పలికిందా లేదా, లాగర్‌లో ఏముంది అని తేదీ చెప్పి అడగవచ్చు. లాగర్ పాత లెక్కలు చెరిపేసుకోక ముందే అడగండి.