129 రూపాయల బిల్లులో ఏమున్నాయి?

ఒక దుకాణంలో పెన్ను 15 రూపాయలు, నోటు పుస్తకం 21 రూపాయలు. ఈ రెండు రకాలే కొంటే మొత్తం బిల్లు 129 రూపాయలైంది. పెన్నులెన్ని, పుస్తకాలెన్ని? పెన్నులను x, పుస్తకాలను y అనుకుంటే లెక్క ఇలా వస్తుంది.

15x + 21y = 129

తెలియనివి రెండు, సమీకరణం ఒక్కటే. బడిలో నేర్చుకున్న పద్ధతికి ఇంకో సమీకరణం కావాలి. అయితే ఇక్కడ పైకి కనపడని షరతు ఒకటుంది. అర పెన్ను, ముప్పావు పుస్తకం ఎవరూ అమ్మరు కాబట్టి x, y పూర్ణసంఖ్యలే కావాలి. ఆ రెండో సమీకరణం చేయాల్సిన పనిలో చాలా భాగం ఈ షరతే చేసిపెడుతుంది.

ఇలాంటివాటిని డయోఫాంటైన్ సమీకరణాలంటారు. ఆ పేరు అలెగ్జాండ్రియాకు చెందిన డయోఫాంటస్‌ది. ఆయన మాత్రం భిన్నాలను కూడా జవాబులుగా ఒప్పుకున్నాడు. పూర్ణసంఖ్యల్లోనే జవాబు రాబట్టే పద్ధతి క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గణితపాదం చివరి రెండు శ్లోకాల్లో ఉంది. దాన్నే కుట్టకం అంటారు. పెద్ద సంఖ్యలను భాగహారాలతో చిన్నవి చేసుకుంటూ పోవడమే అందులోని కిటుకు.

ముందుగా అసలు జవాబు ఉందో లేదో చూసుకోవాలి. 15, 21 రెండూ 3తో భాగించబడతాయి. వాటి గ.సా.భా. 3. కాబట్టి ఎన్ని పెన్నులు, ఎన్ని పుస్తకాలు కొన్నా మొత్తం 3 గుణిజమే అవుతుంది. బిల్లు 130 అని ఉంటే లెక్కపెట్టే పనే లేదు, ఎక్కడో పొరపాటు జరిగినట్టే. 129 మాత్రం 3తో భాగించబడుతుంది. సమీకరణం మొత్తాన్ని 3తో భాగిస్తే

5x + 7y = 43

ఇప్పుడు చిన్న గుణకమైన 5తో భాగించి xను విడదీద్దాం.

x = 8 − y + (3 − 2y)/5

x పూర్ణసంఖ్య కావాలంటే చివరి భిన్నం కూడా పూర్ణసంఖ్య కావాలి. దాన్ని k అనుకుంటే 2y = 3 − 5k. మొదట 5, 7 ఉన్నచోట ఇప్పుడు 2, 5 మిగిలాయి. ఇంకోసారి భాగిస్తే

y = 1 − 2k + (1 − k)/2

ఈ భిన్నాన్ని m అనుకుంటే k = 1 − 2m. ఇక భిన్నాలు లేవు. వెనక్కి వెళ్తూ ప్రతిక్షేపిస్తే y = 5m − 1, x = 10 − 7m. m స్థానంలో ఏ పూర్ణసంఖ్య వేసినా సమీకరణం సరిపోతుంది. m = 0 అయితే (10, −1), m = 1 అయితే (3, 4), m = 2 అయితే (−4, 9). రుణసంఖ్యలు కొనుగోలుకు పనికిరావు కాబట్టి మిగిలింది ఒక్కటే: 3 పెన్నులు, 4 పుస్తకాలు. 45, 84 కలిపితే 129.

విద్యార్థులు తడబడేది ఒక జవాబు నుంచి ఇంకో జవాబుకు వెళ్లేచోట. 7 పెన్నుల ధర 105 రూపాయలు, 5 పుస్తకాల ధరా అంతే. అందుకే x 7 తగ్గితే y 5 పెరుగుతుంది, మొత్తం మారదు. గ.సా.భా.తో భాగించడం మరిచి, అసలు సమీకరణంలోని 21, 15లనే అడుగులుగా వాడితే (10, −1) నుంచి నేరుగా (−11, 14)కు దూకుతాం. రెండూ సమీకరణానికి సరిపోతాయి కాబట్టి తప్పు జరిగినట్టు అనుమానమే రాదు. కానీ మధ్యలో ఉన్న (3, 4) చేజారి, బిల్లుకు జవాబే లేదనిపిస్తుంది. వాడిన అడుగులకు 1 తప్ప ఇంకో ఉమ్మడి భాజకం ఉంటే కొన్ని జవాబులు దాటిపోయినట్టే.

ఇంతకీ ఒక్కటే జవాబు రావడం 129కి కుదిరింది కానీ, ప్రతి బిల్లుకూ కుదరదు. బిల్లు 234 అయితే 3 పెన్నులు, 9 పుస్తకాలైనా కావచ్చు, 10 పెన్నులు, 4 పుస్తకాలైనా కావచ్చు. ఏవి కొన్నారో బిల్లును బట్టి చెప్పలేం. 69 రూపాయలైతే పరిస్థితి తలకిందులు. 69 కూడా 3 గుణిజమే, రుణసంఖ్యలను ఒప్పుకుంటే పూర్ణసంఖ్యల్లో జవాబులకు కొదవ లేదు. కానీ 5x + 7y = 23లో y స్థానంలో 0, 1, 2, 3 వేస్తే 5xకు 23, 16, 9, 2 మిగులుతాయి. ఒక్కటీ 5 గుణిజం కాదు. ఈ ధరలతో 69 రూపాయల బిల్లు రానే రాదు. అది దాటాక 72 నుంచి 3 గుణిజమైన ఏ మొత్తానికైనా కనీసం ఒక్క జవాబు దొరికి తీరుతుంది.