మూడు దుంగలతో మొదలయ్యే చక్రం

వేసవి సెలవుల్లో మా అన్నయ్య కొడుకు మైన్‌క్రాఫ్ట్ ఆడుతూ ఉన్నట్టుండి కేక పెట్టాడు. "బాబాయ్, ఇనుము మాయమైపోయింది!" గుహ గోడలో ఇనుప ఖనిజం కనబడగానే ఆత్రంగా తవ్వాడట. బ్లాకు పగిలింది, చేతికి మాత్రం ఏమీ రాలేదు. "ఏ పికాసుతో కొట్టావురా?" అని అడిగితే, "చెక్కదే" అన్నాడు. ఆటలో లోపమేమీ లేదు. చెక్క పికాసుతో కొడితే ఇనుప ఖనిజం పగులుతుంది కానీ రాలిపడదు. పగలడానికి మామూలుకన్నా ఎక్కువ సేపు పడుతుంటే, పనిముట్టు సరిపోలేదన్నమాట. అక్కడే ఆపేస్తే ఖనిజమైనా మిగులుతుంది.

స్వీడన్‌కు చెందిన మొజాంగ్ సంస్థ 2011లో పూర్తిస్థాయిలో విడుదల చేసిన ఈ ఆటలో వస్తువుల తయారీకి రెసిపీలుంటాయి. ఏ సరుకు ఎన్ని, ఏ గడిలో పెట్టాలో ముందే నిర్ణయమై ఉంటుంది. లెక్క కట్టి చూస్తే ఈ రెసిపీలు ఎంత శ్రద్ధగా అల్లారో తెలుస్తుంది.

చెట్టు నుంచి మూడు దుంగలు కొట్టామనుకుందాం. ఒక్కో దుంగకు నాలుగు పలకల చొప్పున మొత్తం 12 వస్తాయి. నాలుగు పలకలతో పనిబల్ల తయారవుతుంది. చేతిలో ఉండే చిన్న గడుల్లో పికాసు పట్టదు కాబట్టి ఈ బల్ల లేనిదే పని జరగదు. రెండు పలకలు కలిపితే నాలుగు పుల్లలు. మూడు పలకలు పైవరుసలో పరిచి, మధ్యలో కిందికి రెండు పుల్లలు నిలబెడితే చెక్క పికాసు. ఇంకా మూడు పలకలు, రెండు పుల్లలు మిగిలాయి.

ఆ చెక్క పికాసుతో 11 రాళ్లు తవ్వితే చాలు. మూడు రాళ్లకు మిగిలిన రెండు పుల్లలూ జోడిస్తే రాతి పికాసు, తక్కిన ఎనిమిదితో కొలిమి. రాతి పికాసుతో కొట్టినప్పుడు ఇనుము రాలుతుంది. మూడు ముక్కల ఇనుమూ ఒక్క బొగ్గూ కొలిమిలో వేస్తే, ముక్కకు పది సెకన్ల చొప్పున అర నిమిషంలో మూడు కడ్డీలు చేతికొస్తాయి. ఒక బొగ్గు ఎనిమిది ముక్కలను కరిగించగలదు. మిగిలిన పలకల్లో రెండింటిని మళ్లీ పుల్లలు చేస్తే, రెండు పుల్లలు ఇనుప పికాసుకు పిడిగా పోతాయి. ఇంకో రెంటికి రెండు బొగ్గులు కలిపితే గుహలో వెలుగుకు ఎనిమిది కాగడాలు. మొదటి మూడు దుంగల్లో చివరికి మిగిలింది ఒకే ఒక్క పలక!

తవ్వింది పనిముట్టవుతుంది, ఆ పనిముట్టు అంతకుముందు తవ్వలేనిదాన్ని తవ్వుతుంది. చక్రమంటే ఇదే. వజ్రానికి ఇనుప పికాసైనా ఉండాలి. నల్లగా గాజులా మెరిసే అబ్సిడియన్ కావాలంటే వజ్రపు పికాసు దాకా రావాలి.

ఎక్కడమే ఉంటే అది మెట్లదారి అయ్యేది, చక్రం కాదు. వెనక్కి తిప్పేవి అరుగుదల, పుల్ల. చెక్క పికాసు 59 బ్లాకులకు, రాతిది 131కి, ఇనుపది 250కి విరిగిపోతుంది. ఒక బ్లాకు వెడల్పు, రెండు బ్లాకుల ఎత్తుతో సొరంగం తీస్తే ఇనుప పికాసు 125 అడుగులు వేయనిస్తుంది, అంతే. వజ్రపుది 1561 దాకా నిలుస్తుంది. కానీ దానికీ పిడి రెండు పుల్లలే. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే. భూగర్భంలో ఎంత సంపద దొరికినా పుల్ల కోసం పైనున్న చెట్టు దగ్గరికి రావాల్సిందే. మా వాడు ఒకసారి పదిహేను కడ్డీలు పెట్టుకుని, పుల్లల్లేక చీకట్లో దారి వెతుక్కుంటూ పైకొచ్చాడు. ఆ తర్వాత సంచిలో దుంగలు లేకుండా దిగలేదు, ఇంటి పక్కన మొక్కలు కూడా నాటాడు.

2016లో మెండింగ్ అనే మంత్రం ఈ ఆటలోకి వచ్చింది. అది ఎక్కించిన పికాసు చేతిలో ఉండగా అనుభవ గోళాలు ఏరుకుంటే, ఒక్కో పాయింటుకు రెండు బ్లాకుల అరుగుదల పూడిపోతుంది. బొగ్గు, వజ్రం తవ్వినా, రాక్షసులను చంపినా ఆ గోళాలు రాలతాయి కాబట్టి వాడుకుంటూనే బాగుచేసుకోవచ్చు. జాగ్రత్తగా ఉంటే ఆ పికాసు ఇక విరగదు. విరగకపోతే కొత్త కడ్డీలతోగానీ పుల్లలతోగానీ దానికి పని లేదు. పాత చక్రం అక్కడితో ఆగిపోతుంది. గని తప్ప వేరే ధ్యాస లేనివాళ్లకు ఆట చప్పబడేది సరిగ్గా ఈ దశలోనే అని నాకనిపిస్తుంది.

మా వాడికి ఆ పుస్తకం ఊళ్లోని గ్రంథపాలకుడి దగ్గర బేరంలో దొరికింది. ఇప్పుడు వాడు దుంగలు కొడుతున్నది పుల్లలకు కాదు, ఇంటి ముందున్న ఏటిమీద వంతెనకు.